ఇంటీరియర్ డబ్బు ఆపే ముందు డిజైనర్‌కు ఏం రాయాలి?

ప్రశ్న: మేడమ్ గారూ, నిజాంపేటలో మా త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఇంటీరియర్ పని 12 లక్షలకు ఒక డిజైనర్‌కి ఇచ్చాం. జనవరి 10న డిజైన్ మీద సంతకాలయ్యాయి. 60 రోజుల్లో ఇస్తామన్నారు. జూన్ వచ్చినా కిచెన్ రాలేదు. మాస్టర్ బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ నాలుగు షట్టర్లలో రెండు ఒక రంగు, రెండు ఇంకో రంగు. టీవీ ప్యానెల్ కూడా శాంపిల్‌లా లేదు. 7 లక్షల 20 వేలు ఇచ్చేశాం, ఇంకో 3 లక్షల 60 వేలు ఇస్తేనే కిచెన్ పంపిస్తామంటున్నారు. ఇక్కడ నెలకు 26 వేలు అద్దె కడుతున్నాం. డబ్బు ఆపితే పని మొత్తం వదిలేస్తారేమోనని టెన్షన్. గొడవ కాకుండా, గట్టిగా ఉండేలా ఏం రాయాలి? కొటేషన్, ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు జత చేశాను.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీరు పంపిన వాటిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఆ కొటేషన్. చాలామందికి చదరపు అడుగుకు ఇంత అని మొత్తంగా ఒకే అంకె వేసి ఇస్తారు. మీ డిజైనర్ కిచెన్‌కి ఇంత, వార్డ్‌రోబ్‌కి ఇంత అని విడివిడిగా రాశారు. వార్డ్‌రోబ్‌లో లోపలి బాక్సులకు వేరే, షట్టర్లకు వేరే ధర వేశారు. పైన అతికించే లామినేట్ షీట్ కోడ్ కూడా పక్కనే ఉంది. ఇంత వివరంగా ఉన్నప్పుడు ఎంత డబ్బు ఆపాలో, ఎంత ఇవ్వాలో లెక్క వేసి చెప్పొచ్చు. లెక్కతో అడిగిన మాటకు అవతలివాళ్లు లెక్కతోనే జవాబు చెప్పాలి.

అయితే డబ్బు సంగతికి ముందు, రంగు ఎందుకు తేడా వచ్చిందో మీరే తేల్చుకోవాలి. "కలర్ మ్యాచ్ కాలేదు" అని మాత్రమే రాస్తే "లైటింగ్ వల్ల అలా కనిపిస్తుంది మేడమ్" అన్న జవాబు వస్తుంది. కొన్ని ఇళ్లలో అది నిజం కూడా. పసుపు రంగు ఎల్‌ఈడీ కింద ఒకలా, తెల్లటి లైటు కింద ఇంకోలా కనిపించే లామినేట్లు చాలా ఉన్నాయి. ముఖ్యంగా బూడిద, లేత గోధుమ రంగులతో ఈ ఇబ్బంది ఎక్కువ.

కాబట్టి ఒక పొద్దున తొమ్మిది పదింటికి, ఎండ నేరుగా పడని సమయం చూసి, బెడ్‌రూమ్ లైట్లన్నీ ఆపేయండి. కర్టెన్లు పూర్తిగా తీయండి. మీరు ఓకే చేసిన శాంపిల్ ముక్కను ఒక్కో షట్టర్ మీద ఆనించి చూడండి. ముక్క మీద చెక్క గీతలు ఎటు ఉన్నాయో షట్టర్ మీద కూడా అటే ఉండేలా పట్టుకోవాలి. పగటి వెలుతురులో నాలుగు షట్టర్లూ శాంపిల్‌తో కలిసిపోయాయంటే తేడా లైట్లదే, అది డిజైనర్ తప్పు కాదు. రంగు ఒకటే కానీ పక్క నుంచి చూస్తే రెండు షట్టర్లు మెరుస్తూ, రెండు మెరవకుండా ఉన్నాయంటే కోడ్ ఒకటే తెచ్చి ఫినిష్ వేరేది తెచ్చారన్నమాట. ఒకే డిజైన్ మ్యాట్‌లో, స్వేడ్‌లో, మెరిసే గ్లాసీలో కూడా దొరుకుతుంది. కోడ్ చివర ఉండే అక్షరాలు సాధారణంగా ఆ తేడానే చెబుతాయి. షాపులో తొందరలో ఆ అక్షరాలు చూడకుండా షీట్లు ఎత్తించుకోవడం మామూలే. ఎటు నుంచి చూసినా రంగే ముదురుగా, లేతగా ఉంటే కోడ్ వేరే అయినా కావాలి, లేదా అదే కోడ్‌లో వేరే బ్యాచ్ అయినా కావాలి. షీట్లు తక్కువపడి నెల తర్వాత ఇంకో రెండు తెప్పిస్తే బ్యాచ్ మారిపోతుంది. మీ ఇంట్లో సరిగ్గా రెండు అటు, రెండు ఇటు విడిపోవడం చూస్తే నాకు ఇదే అనుమానం. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు షీట్‌లో అంత ఎత్తున్న షట్టర్లు రెండే వస్తాయి. రెండో షీట్ ఎక్కడినుంచి వచ్చిందన్నదే ప్రశ్న.

ఇది తేల్చడానికి సాక్ష్యం మీ ఫ్లాట్‌లోనే ఉండొచ్చు. బాల్కనీలోనో యుటిలిటీలోనో కార్పెంటర్లు వదిలేసిన లామినేట్ ముక్కలు, అంటే వాళ్ల మాటలో మైకా ముక్కలు, ఉంటాయి. వాటి మీద ఒలవని ప్లాస్టిక్ పొర మీద కానీ, వెనక గరుకు వైపు కానీ కంపెనీ పేరు, ఒక్కోసారి కోడ్, బ్యాచ్ ముద్రించి ఉంటాయి. వాటిని చెత్తతోపాటు బయట పారేయనివ్వకండి. ఏమీ దొరక్కపోతే ఆ షీట్ల కొనుగోలు బిల్లు, డెలివరీ చలాన్ కాపీ ఇమ్మని అడగండి. సరైన సరుకు తెచ్చినవాళ్లకు ఆ కాగితం చూపించడం కష్టమేమీ కాదు.

మీరు పంపిన ఫొటోల గురించి ఒక మాట. ఫోన్ కెమెరా గదిలోని వెలుతురును బట్టి రంగును తనంతట తానే సరిచేస్తుంది, అందుకని వట్టి షట్టర్ ఫొటోతో రంగు తేడా నిరూపించలేం. శాంపిల్ ముక్క, రెండు రకాల షట్టర్లు ఒకే ఫ్రేమ్‌లో పడేలా, లైట్లు ఆపి తీయండి. తేడా కనబడాలంటే అవి పక్కపక్కనే ఉండాలి. టీవీ ప్యానెల్‌కి మాత్రం ఇప్పుడున్న ఫొటోనే చాలు. సంతకాలైన డ్రాయింగ్‌లో చెక్క గీతలు నిలువుగా ఉన్నాయి, గోడ మీద అడ్డంగా ఉన్నాయి. షీట్‌ను తిప్పి కోస్తే వృథా తగ్గుతుంది, అందుకే అలా కోసుంటారు. గీతలు తిరిగితే వెలుతురు పడే తీరు మారి రంగు కూడా మారినట్టుంటుంది. ఇక్కడ రంగు మీద వాదన అక్కర్లేదు, "డ్రాయింగ్‌లో నిలువు, గోడ మీద అడ్డం" అంటే సరిపోతుంది.

మీరు అడగకూడనిది కూడా ఒకటుంది. అరచేతిలో పట్టే శాంపిల్ చూసి ఓకే చేసి, గోడంతా పరిచాక "ఇంత ముదురుగా ఉంటుందనుకోలేదు" అనిపిస్తే దానికి డిజైనర్ బాధ్యుడు కాదు. పిల్లల గది వార్డ్‌రోబ్ గురించి మీరు వాట్సాప్‌లో రాసింది ఆ కోవలోకే వస్తుంది. కోడ్ సరిపోయింది, ఫినిష్ సరిపోయింది. దాన్ని ఫిర్యాదులోంచి తీసేయండి. అది ఉంటే మిగతా రెండు న్యాయమైన ఫిర్యాదులు కూడా పలచబడతాయి.

ఇక ఏం కోరాలి? షట్టర్ల విషయంలో "పైన ఇంకో మైకా వేసి ఇచ్చేస్తాం" అంటారు. ఒప్పుకోకండి. పాత లామినేట్ మీద ఇంకో 1 మిల్లీమీటర్ పొర వస్తే షట్టర్ మందం పెరుగుతుంది, అంచుకు అంటించే ఎడ్జ్ బ్యాండ్ పట్టీ పక్కన రెండు పొరల గీత సన్నగా కనబడుతూనే ఉంటుంది. చేత్తో జిగురు రాసి అతికించింది ఫ్యాక్టరీ ప్రెస్‌లో అతికినంత గట్టిగా ఉండదు, కొన్నాళ్లకు మూలల్లో లేస్తుంది. పాతది ఊడబీకి వేస్తామన్నా కింద ప్లైవుడ్ పై పొర చీలిపోతుంది. కొత్త షట్టర్లే కావాలని అడగండి. అది కూడా తేడా ఉన్న రెండూ మాత్రమే మారిస్తే మూడో బ్యాచ్ వచ్చి మళ్లీ మొదటికొస్తుంది. నాలుగూ ఒకే బ్యాచ్ షీట్లతో రావాలి. లోపలి బాక్సులు, హింజెస్ అవే ఉంచుకోవచ్చు.

కిచెన్ ఇంకా రాలేదు కాబట్టి అక్కడ మీకు ఒక వెసులుబాటుంది. ప్రెస్ చేయకముందే లామినేట్ షీట్లు చూస్తామని, షట్టర్లు ఫ్యాక్టరీ దాటకముందే శాంపిల్‌తో పోల్చి చూస్తామని అడగండి. వార్డ్‌రోబ్‌లో జరిగింది 3 లక్షల 40 వేల కిచెన్‌లో జరిగితే సర్దుకోవడం చాలా కష్టం.

ఇప్పుడు డబ్బు. మీ ఒప్పందం ప్రకారం బుకింగ్‌కి 10 శాతం, తయారీ మొదలైనప్పుడు 50, సరుకు పంపే ముందు 30, అప్పగించాక 10. మొదటి రెండూ ఇచ్చేశారు. 7 లక్షల 20 వేలు అదే. దానికి బదులుగా మీ ఇంట్లో ఇప్పటిదాకా ఏం వచ్చిందో కొటేషన్ ధరలతోనే కడదాం. ఫాల్స్ సీలింగ్, ఎలక్ట్రికల్ పూర్తయ్యాయి, 2 లక్షల 40 వేలు. పెయింటింగ్ సగమైంది, 60 వేలు. పిల్లల గది వార్డ్‌రోబ్ 1 లక్షా 30 వేలు. మాస్టర్ వార్డ్‌రోబ్‌లో బాక్సులు బాగానే ఉన్నాయి కాబట్టి లక్ష కట్టి, షట్టర్ల 60 వేలు పక్కన పెడదాం. టీవీ యూనిట్ 95 వేలలో ప్యానెల్ విలువ 50 వేలు పక్కన పెట్టి 45 వేలు కడదాం. మొత్తం 5 లక్షల 75 వేలు.

అంటే చేసిన పనికన్నా 1 లక్షా 45 వేలు ఎక్కువే వాళ్ల దగ్గరుంది. "మీరు పేమెంట్ ఇవ్వలేదు కాబట్టే ఆగాం" అన్న మాటకు ఇదే జవాబు. "ఆ డబ్బుతో కిచెన్ మెటీరియల్ కొన్నాం" అని వాళ్లు అనొచ్చు, అదీ నిజమై ఉండొచ్చు. అలాంటప్పుడు కోసిన బాక్సులు ఫ్యాక్టరీలో మీ కళ్లకు కనబడాలి.

మీరు "పని మొత్తం అయ్యేదాకా పైసా ఇవ్వం" అనడం మాత్రం పొరపాటు. ఒప్పందంలో సరుకు పంపే ముందు 30 శాతం అని మీరూ సంతకం పెట్టారు. కిచెన్ నిజంగా సిద్ధమై ఉండి మీరు ఇవ్వకపోతే మాట తప్పింది మీరవుతారు, ఆలస్యం కూడా మీ ఖాతాలోకి వెళ్తుంది. పైగా చిన్న సంస్థకు ఫ్యాక్టరీవాళ్లకు కట్టాల్సినవి ఉంటాయి. డబ్బంతా ఆపేస్తే మీ షట్టర్ల ఆర్డరే ఆఖరికి వెళ్తుంది. అందుకని మొత్తం ఎంతన్నది మార్చకుండా, ఆ 3 లక్షల 60 వేలను మూడు ముక్కలు చేయమని అడగండి. కిచెన్ ఫ్యాక్టరీలో చూసి ఓకే చేసిన రోజు 1 లక్షా 50 వేలు. వార్డ్‌రోబ్ షట్టర్లు, టీవీ ప్యానెల్ మార్చి బిగించాక 1 లక్షా 10 వేలు. ఇది సరిగ్గా పక్కన పెట్టిన 60, 50 వేల మొత్తమే, ఒక్క రూపాయి ఎక్కువ పట్టుకోవట్లేదు. కిచెన్, పూజా యూనిట్, షూ ర్యాక్ బిగించాక లక్ష. చివరి 10 శాతం, 1 లక్షా 20 వేలు, ఎప్పటిలాగే అప్పగించాక.

ఇది డిజైనర్‌కి అన్యాయం కూడా కాదు. ఇప్పటికే ఎక్కువ వెళ్లిన 1 లక్షా 45 వేలకు ఈ 1 లక్షా 50 వేలు కలిస్తే, కిచెన్ గడప దాటే సరికి దాని ధర 3 లక్షల 40 వేలలో 2 లక్షల 95 వేలు వాళ్లకు చేరినట్టే. ఉత్తరంలో ఈ వాక్యం తప్పకుండా రాయండి, బేరం కుదిరేది దీని దగ్గరే.

ఆలస్యం లెక్క రాసే ముందు మీ వాట్సాప్‌ను ఒకసారి మీకు వ్యతిరేకంగా చదవండి. నేను చదివితే ఒకటి దొరికింది. కిచెన్‌కి చిమ్నీ, కౌంటర్‌లో బిగించే హాబ్ స్టవ్ మోడల్ నంబర్లు వాళ్లు ఫిబ్రవరి 3న అడిగితే మీరు ఫిబ్రవరి 24న ఇచ్చారు. హాబ్ కొలత తెలియకుండా కింద క్యాబినెట్ కోయలేరు. ఆ 21 రోజులు మీవి, ముందే మీరే ఒప్పేసుకోండి. 60 రోజుల గడువు మార్చి 11కి ముగిసింది. 21 రోజులు కలిపినా ఏప్రిల్ 1. అక్కడి నుంచి జూన్ దాకా జరిగినదానికి మీ వైపు కారణమేదీ నాకు కనబడలేదు. మీ తప్పు మీరే తీసేసి అడిగిన లెక్కను కొట్టిపారేయడం కష్టం.

కొత్త షెడ్యూల్ అడిగేటప్పుడు "ఎప్పటికి అయిపోతుంది" అని అడగకండి. ఒక్క తేదీ ఇస్తారు, ఆ తేదీ వచ్చేదాకా మీకేమీ తెలియదు. మధ్య మెట్లకు తేదీలు అడగండి: లామినేట్ షీట్లు ఫ్యాక్టరీకి చేరే రోజు, కటింగ్, ఎడ్జ్ బ్యాండింగ్ అయ్యే రోజు, మీరు వెళ్లి చూసే రోజు, లారీ బయలుదేరే రోజు, బిగించే రోజులు. షీట్లు చేరాల్సిన రోజు దాటిందంటే చివరి తేదీ కూడా జారుతుందని మీకు మూడు వారాల ముందే తెలుస్తుంది. తేదీలు వాళ్లనే వేయనివ్వండి, మీరు వేస్తే "మీరు చెప్పిన తేదీ, మేం ఒప్పుకోలేదు" అంటారు. మీరు బయటి హద్దు మాత్రం చెప్పండి. ఈ హద్దు ఎందుకంటే, వాళ్ల వాట్సాప్ మెసేజ్‌లలో "ఆషాఢంలో ఎలాగూ చేరరు కదా మేడమ్" అని ఒకటుంది. ముహూర్తం ఎప్పుడన్నది మీ ఇంటి విషయం, పని గడువుకు దానితో సంబంధం లేదు. బిగించేవాళ్లు సొంతూళ్లకు వెళ్తున్నారా, మీ అపార్ట్‌మెంట్‌లో డ్రిల్లింగ్‌కి ఏ వేళలు ఇస్తారు అన్నవి కూడా ఇప్పుడే అడిగి రాయించండి. చివర్లో చెప్పే కారణాలు ఎక్కువగా ఇవే.

అద్దె గురించి. ఈ ఉత్తరంలో అద్దె కోసుకుంటామని రాయకండి, కానీ వదులుకోవద్దు. ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్, 1872లోని 55వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. గడువు ముఖ్యమైన ఒప్పందంలో, గడువు దాటాక చేసిన పనిని మీరు అంగీకరిస్తే, ఆలస్యానికి నష్టపరిహారం అడిగే ఉద్దేశం ఉందని అప్పుడే తెలియజేయాలి. లేదంటే తర్వాత అడగడానికి వీలుండదు. కొత్త తేదీలకు "సరే" అన్న మీ మెయిల్‌నే రేపు "ఆలస్యాన్ని వాళ్లు ఒప్పుకున్నారు" అని చూపించొచ్చు. అలా కాకుండా ఉండటానికి ఒక్క వాక్యం చాలు, కింద నమూనాలో పెట్టాను.

ఇదీ ఉత్తరం. మీ పరీక్షలో తేలినదాన్ని బట్టి షట్టర్ల వాక్యం మార్చుకోండి.

"నమస్తే అండీ. మా ఫ్లాట్ ఇంటీరియర్ పని గురించి ఇది రాస్తున్నాం. ఫాల్స్ సీలింగ్, పిల్లల గది వార్డ్‌రోబ్ బాగా వచ్చాయి, వాటి మీద మాకు ఫిర్యాదు లేదు.

రెండు చోట్ల ఫినిష్ ఒప్పందం ప్రకారం లేదు. మాస్టర్ వార్డ్‌రోబ్‌లో ఎడమ రెండు షట్టర్లు సంతకం చేసిన శాంపిల్‌తో సరిపోయాయి. కుడి రెండు లైట్లు ఆపి పగటి వెలుతురులో చూసినా ముదురుగా ఉన్నాయి. టీవీ ప్యానెల్ డ్రాయింగ్‌లో గీతలు నిలువు, బిగించింది అడ్డం. శాంపిల్‌తో కలిపి తీసిన ఫొటోలు, డ్రాయింగ్ పేజీ జత చేశాం. నాలుగు షట్టర్లూ ఒకే బ్యాచ్ లామినేట్‌తో కొత్తగా చేసి, ప్యానెల్ మార్చి ఇవ్వగలరు. పాతవాటి మీద ఇంకో లామినేట్ వేయడానికి మాకు సమ్మతం లేదు. ఆ కోడ్ ఇప్పుడు దొరక్కపోతే బదులు శాంపిల్స్ చూపించండి, మేం సంతకం పెట్టాకే చేయించండి.

పని గడువు మార్చి 11. చిమ్నీ, హాబ్ వివరాలు మా వైపు నుంచి 21 రోజులు ఆలస్యమయ్యాయి, అవి కలిపితే ఏప్రిల్ 1. మిగిలిన పనికి లామినేట్ రాక, కటింగ్, ఫ్యాక్టరీలో మా పరిశీలన, డెలివరీ, ఫిట్టింగ్ తేదీలతో కొత్త షెడ్యూల్ జూన్ 13లోగా మెయిల్‌లో పంపండి. మొత్తం పని జులై 10 దాటకూడదు. కొత్త తేదీలకు అంగీకరించడం అంటే ఇప్పటిదాకా జరిగిన ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు వదులుకోవడం కాదు.

కొటేషన్ ధరల ప్రకారం ఇప్పటికి ఒప్పందం మేరకు పూర్తయిన పని 5,75,000 రూపాయలు, మేం చెల్లించింది 7,20,000. లెక్క జత చేశాం. కాబట్టి మీరు అడిగిన 3,60,000 ఇలా చెల్లిస్తాం: కిచెన్‌ను ఫ్యాక్టరీలో చూసి ఓకే చేసిన రోజు 1,50,000. షట్టర్లు, ప్యానెల్ మార్చాక 1,10,000. కిచెన్, పూజా యూనిట్, షూ ర్యాక్ బిగించాక 1,00,000. చివరి 1,20,000 ఒప్పందంలో ఉన్నట్టే. మొదటి విడతతో కిచెన్ ధరలో 2,95,000 డెలివరీకి ముందే మీకు చేరినట్టవుతుంది. మా లెక్కలో తేడా ఉంటే ఏ వస్తువు దగ్గరో చెప్పండి, కూర్చుని సరిచేసుకుందాం."

ఇంతే. మోసం, కోర్టు, రివ్యూ రాస్తాం వంటి మాటలేవీ వద్దు. బాగా వచ్చినవాటిని ముందు పేర్కొనడం మొహమాటానికి కాదు, మీరు అన్నిటికీ వంక పెట్టే మనిషి కాదని రికార్డులో ఉండాలని. దీన్ని మెయిల్‌లో పంపి, వాట్సాప్‌లో "మెయిల్ పంపాం, చూడగలరు" అని మాత్రం పెట్టండి. వాట్సాప్‌లోనే రాస్తే నాలుగు వాయిస్ మెసేజ్‌ల మధ్య కలిసిపోతుంది.

మెయిల్ చేరగానే ఫోన్ వస్తుంది. మాట్లాడండి, కసురుకోకండి. ఫోన్ పెట్టేశాక అదే మెయిల్ కింద "ఇందాక మాట్లాడినట్టు షీట్లు జూన్ 17న వస్తాయని చెప్పారు" అని ఒక లైను రాసి పంపండి. "లక్షన్నర ఇప్పుడే వేయండి, రేపే లారీ ఎక్కిస్తాం" అంటే, రేపు మేమే ఫ్యాక్టరీకి వచ్చి చూసి అక్కడే ట్రాన్స్‌ఫర్ చేస్తామనండి. వెళ్లినప్పుడు శాంపిల్ ముక్క వెంట తీసుకెళ్లండి. షట్టర్లను బయట వెలుతురులో పెట్టించి చూడండి. ప్లైవుడ్ అంచు మీద ముద్ర కూడా చూడండి. మీ కొటేషన్‌లో కిచెన్‌కి నీళ్లకు తట్టుకునే మెరైన్ రకమని రాశారు. దాని మీద IS 710 అని ఉండాలి, IS 303 ఉంటే అది మామూలు రకాలకు వేసే ముద్ర. పాత షట్టర్లు తీసుకెళ్లడానికి మనుషులు వస్తే ఎన్ని, ఏవి, ఎందుకు తీసుకెళ్తున్నారో కాగితం మీద సంతకం పెట్టించుకుని, అపార్ట్‌మెంట్ గేటు రిజిస్టర్‌లో కూడా రాయించండి.

జూన్ 13 దాటినా జవాబు లేకపోతే అదే మెయిల్‌కి ఇంకో మూడు రోజుల గడువుతో ఒక రిమైండర్ పంపండి. అప్పటికీ కదలిక లేకపోతే లాయర్ ద్వారా నోటీసు ఇప్పించాలి. ఆ తర్వాత దారి జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు, మీ 7 లక్షల 20 వేల చెల్లింపుకు ఫీజు 200 రూపాయలు, కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తే కొన్ని సంస్థలు అక్కడే దిగొస్తాయి. అలాంటి పరిస్థితి వస్తే వేరే కార్పెంటర్‌ని పిలిచి షట్టర్లు విప్పించకండి. ముందు ఉన్నవి ఉన్నట్టు వీడియో తీసి, "ఫలానా తేదీలోగా మార్చకపోతే వేరేవారితో చేయించి ఆ ఖర్చు మీ బాకీలో తగ్గిస్తాం" అని రాతపూర్వకంగా చెప్పాలి. ఈ వరస తప్పితే, చెడగొట్టింది ఎవరన్నదే కొత్త వివాదమవుతుంది.

అన్నీ కుదిరి జులైలో పని పూర్తయితే చివరి 1 లక్షా 20 వేలు ఇచ్చే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి, ప్రతి షట్టర్, డ్రాయర్ తెరిచి మూసి, మిగిలిన చిన్నచిన్న లోపాలు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. లామినేట్ కోడ్‌లు, బ్యాచ్ వివరాలు, హింజెస్, ఛానెల్స్ వారంటీ కార్డులు, వీలైతే ఒకే బ్యాచ్ లామినేట్‌లో మిగిలిన ఒక పెద్ద ముక్క అడిగి తీసుకోండి. రేపు ఒక షట్టర్ దెబ్బతింటే దాన్ని పోల్చుకోవడానికి అది కావాలి.